నాలుగు పైళ్ల మీద ఇనుము ఎక్కడ వేయాలి?

నాలుగు పైళ్ల క్యాప్ డ్రాయింగును ఎవరికి చూపించినా ముందు అడిగేది ఇనుము ఎంత పట్టిందనే. ఎన్ని రాడ్లు, ఏ సైజు, ఎంత దూరానికి ఒకటి? ఆ లెక్క సరిపోతే పని అయిపోయినట్టే భావించి, వచ్చిన రాడ్లను క్యాప్ అడుగున రెండు దిక్కులా సమదూరంలో జాలీలా పరిచేయడం మామూలు. నా వాదన వేరు. ఈ కాంక్రీటు దిమ్మెలో ఇనుము పరిమాణం కంటే అది ఏ గీత మీద పడుతుంది, చివర ఎలా ముగుస్తుంది అన్నవే ముందు తేల్చాల్సిన ప్రశ్నలు. వాటికి జవాబు ట్రస్ పోలికలో దొరుకుతుంది. షియర్ చెక్ కూడా ఆ జవాబు మీదే నిలబడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 600 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నాలుగు బోర్డ్ పైళ్లు, వ్యాసానికి మూడు రెట్ల దూరంలో, అంటే మధ్య నుంచి మధ్యకు 1,800 మిల్లీమీటర్లలో ఉన్నాయి. చుట్టూ 150 మిల్లీమీటర్ల అంచు వదిలితే క్యాప్ 2,700 మిల్లీమీటర్ల చతురస్రం అవుతుంది. మందం 1,200. అడుగున 75 కవరు, దాని మీద రెండు వరుసల రాడ్లు పోగా ఎఫెక్టివ్ డెప్త్ 1,100. పైన 600 చతురస్రపు పిల్లర్ నుంచి, సేఫ్టీ ఫ్యాక్టర్ కలుపుకొని, 4,800 కిలోన్యూటన్ల బరువు దిగుతోంది. ఒక్కో పైలు మీద 1,200 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 120 టన్నులు. పిల్లర్ ముఖం నుంచి పైలు లోపలి అంచుకు 300 మిల్లీమీటర్లే దూరం, దిమ్మె లోతు మాత్రం మీటరు పైమాటే. ఇంత పొట్టి, ఇంత లోతైన వస్తువు బీములా వంగదు. బరువు పిల్లర్ అడుగు నుంచి నాలుగు మూలలకు ఏటవాలుగా, నొక్కుకుంటూ దిగుతుంది. పెంకుటింటి వాసాలు గోడలను బయటికి తోసినట్టే ఈ నాలుగు ఏటవాలు దారులూ పైళ్ల తలలను బయటికి తోస్తాయి. ఆ తోపుడును పట్టి ఆపేది పైలు తల నుంచి పక్క పైలు తలకు సాగే ఇనుము. నొక్కుడును మోసే కాంక్రీటు దారిని స్ట్రట్ అనీ, లాగుడును మోసే ఇనుమును టై అనీ అంటారు. మొత్తం కలిపితే తలకిందులుగా పెట్టని పిరమిడ్ ఆకారపు ట్రస్.

లెక్క తేలికే. పైళ్ల మధ్య దూరంలో సగం l, ఎఫెక్టివ్ డెప్త్ d, పిల్లర్ బరువు N అనుకుంటే, చతురస్రపు ఒక్కో భుజం మీది టైలో లాగుడు

T = N × l / (4 × d)

మన క్యాపుకు ఇది 4,800 × 900 / 4,400, అంటే 982 కిలోన్యూటన్లు. ఎఫ్‌ఈ500 ఇనుము డిజైన్ బలం చదరపు మిల్లీమీటరుకు 435 న్యూటన్లు కాబట్టి ఒక్కో భుజానికి 2,257 చదరపు మిల్లీమీటర్లు కావాలి. 25 మిల్లీమీటర్ల రాడ్లు ఐదు వేస్తే 2,454 వస్తుంది. ఎదురెదురు భుజాలు రెండు కాబట్టి ఒక్కో దిక్కులో మొత్తం పది రాడ్లు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. పిల్లర్ ముఖం దగ్గర బెండింగ్ మొమెంట్ తీసుకుంటే రెండు పైళ్ల 2,400 కిలోన్యూటన్లు 0.6 మీటర్ల దూరంలో 1,440 కిలోన్యూటన్ మీటర్లు ఇస్తాయి. దానికి 3,170 చదరపు మిల్లీమీటర్ల ఇనుము, అంటే ఏడు రాడ్లు చాలు. పది ఎందుకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. పై సూత్రం బరువంతా పిల్లర్ మధ్య బిందువులో దిగుతుందని అనుకుంటుంది, నిజానికి ఒక్కో పైలుకు వెళ్లే వాటా పిల్లర్ నాలుగో భాగపు మధ్య నుంచి, అంటే 150 మిల్లీమీటర్లు ఇవతల నుంచి బయలుదేరుతుంది. ఆ సవరణ చేస్తే టై లాగుడు 818కి తగ్గుతుంది. కానీ అదే సూత్రం రెండో వైపు మనకు అనుకూలంగా తప్పుతుంది. స్ట్రట్లు కలిసే చోటు క్యాప్ పైముఖం మీద ఉండదు, దానికి కొంత మందం కావాలి. ఎం30 కాంక్రీటులో ఆ నొక్కుడు పొర 200 మిల్లీమీటర్లకు పైగా వస్తుంది కాబట్టి లివర్ ఆర్మ్ 1,100 కాదు, సుమారు 1,000. అప్పుడు లాగుడు మళ్లీ 900కు చేరుతుంది. రెండు సవరణలూ చాలావరకు చెల్లుకు చెల్లయ్యాక మిగిలేది మన ఐదు రాడ్లే. బెండింగ్ పద్ధతి ఆదా చేసేది పిల్లర్ ముఖం దగ్గర గీత గీసి, లోపలి భాగాన్ని మరిచిపోవడం వల్ల. ట్రస్‌లో టై లాగుడు పైలు నుంచి పైలు దాకా ఒకేలా ఉంటుంది, ముఖం దగ్గర తగ్గదు.

రాడ్ల సంఖ్యలోని ఈ తేడా కంటే ముఖ్యమైనది వాటి చోటు. ట్రస్ భుజాల మీద గీసినప్పుడు ఇనుము కూడా భుజాల మీదే ఉండాలి. ఐదేసి రాడ్లు పైలు తల వెడల్పులో, సుమారు 125 మిల్లీమీటర్లకు ఒకటిగా పడాలి. అవే పది రాడ్లను 2,700 వెడల్పంతా సమంగా పరిస్తే నాలుగో వంతుకు పైగా ఏ పైలు తల మీదుగానూ పోకుండా నడుమ మిగిలిపోతాయి. ఇది కాగితం మీది వాదన మాత్రమే కాదు. 1967లో ఫ్రాన్స్‌లో బ్లెవో, ఫ్రెమీలు ప్రచురించిన పరీక్షల్లో, 1973లో ఇంగ్లండ్ సిమెంట్ అండ్ కాంక్రీట్ అసోసియేషన్‌లో క్లార్క్ నాలుగు పైళ్ల క్యాపులను విరగ్గొట్టి చూసిన పరీక్షల్లో ఒకే సంగతి తేలింది. ఇనుము అంతే ఉంచి, జాలీ మానేసి పైళ్ల మీదుగా కట్టలుగా పెడితే భరించే బరువు పెరిగింది. క్లార్క్ పరీక్షల్లో ఆ పెరుగుదల 25 శాతం దాకా వెళ్లింది. ఒక్క రాడ్డు కూడా అదనంగా కొనకుండా వచ్చిన బలం అది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. ఇనుమంతా అంచులకు జరిపితే నడుమ అడుగున పగుళ్లు రావా? వస్తాయి. అందుకే నడుమ ఖాళీని వదిలేయమని ఎవరూ చెప్పరు. టైల మధ్య ఉన్న సుమారు 1,200 మిల్లీమీటర్లలో 16 మిల్లీమీటర్ల రాడ్లు 150కి ఒకటి వేస్తే పగుళ్లు అదుపులో ఉంటాయి. వాటిని టై బలం లెక్కలో కలపకూడదు, అంతే.

ఇక రాడ్డు చివర. బీము దృష్టితో చూస్తే పైలు దగ్గర మొమెంట్ సున్నా, కాబట్టి అక్కడ రాడ్డుకు పనేమీ లేనట్టు అనిపిస్తుంది. తిన్నగా కోసి వదిలేసే అలవాటు ఇక్కడి నుంచే పుడుతుంది. ట్రస్‌లో మాత్రం స్ట్రట్ వచ్చి తన్నేది సరిగ్గా పైలు తల మీదే, పూర్తి లాగుడు కావాల్సింది అక్కడే. ఎం30లో 25 మిల్లీమీటర్ల రాడ్డుకు పూర్తి పట్టు దొరకాలంటే 1,130 మిల్లీమీటర్ల పొడవు కావాలి. పైలు లోపలి అంచు నుంచి కవరు దాకా ఉన్నది 675. అంటే తిన్నగా ఆగిన రాడ్డుకు అరవై శాతం పట్టే దొరుకుతుంది. మిగిలింది చివరను పైకి వంచి తెచ్చుకోవాలి, ఆ నిలువు కాలు 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

షియర్ దగ్గర ఈ రెండు దారుల తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఐఎస్ 456 ప్రకారం పైళ్ల మీది ఫుటింగుకు పిల్లర్ ముఖం నుంచి ఎఫెక్టివ్ డెప్త్‌లో సగం దూరంలో గీత తీసుకోవాలి. మన క్యాపులో అది మధ్య నుంచి 850 మిల్లీమీటర్లు, సరిగ్గా పైలును చీల్చుకుంటూ పోతుంది. పైలు ఎంత భాగం గీతకు బయట ఉంటే అంత బరువే లెక్కలోకి వస్తుంది కాబట్టి 2,400లో 1,400 కిలోన్యూటన్లు. షియర్ ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 0.47 న్యూటన్లు, కాంక్రీటుకు ఉన్న అనుమతి 0.30. చెక్ ఫెయిల్. అప్పుడు చాలామంది చేసేది మందం పెంచడం. 200 మిల్లీమీటర్లు పెంచగానే గీత బయటికి జరుగుతుంది, పైలు వాటా తగ్గుతుంది, ఒత్తిడి 0.29 దగ్గరికి దిగి చెక్ పాసవుతుంది. ఇంకా పెంచి ఎఫెక్టివ్ డెప్త్ 1,800 చేస్తే షియర్ సున్నా అవుతుంది. 4,800 కిలోన్యూటన్లు దిగుతున్న దిమ్మెలో షియరే లేదని చెప్పే లెక్కను నమ్మి ఊరుకోలేం. అక్కడ బరువు మాయం కాలేదు, స్ట్రట్లలోకి వెళ్లింది. ఆ గీత వాటిని చూడలేకపోయింది.

సరైన చెక్ బరువు మొత్తాన్నీ లెక్కలో ఉంచుతుంది. బ్రిటిష్ పద్ధతిలో గీతను పైలు లోపలి అంచుకు వ్యాసంలో 20 శాతం లోపల తీసుకుంటారు. పిల్లర్ ముఖం నుంచి అది 420 మిల్లీమీటర్లు. పైలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఐఎస్ 456 కూడా 40.5 క్లాజులో కాంక్రీటు షియర్ బలాన్ని 2d/av రెట్లు పెంచుకోనిస్తుంది. ఇక్కడ av ఆ 420. అప్పుడు పెంపు 5.2 రెట్లు, అనుమతి 1.57. రెండు పైళ్ల పూర్తి బరువు ఇచ్చే ఒత్తిడి 0.81 మాత్రమే. మందం పెంచకుండానే క్యాప్ నిలుస్తుంది. పిల్లర్ చుట్టూ పంచింగ్, పిల్లర్ అడుగున బేరింగ్ కూడా విడిగా చూడాలి, ఈ ఉదాహరణలో రెండూ చాలుతాయి. అయితే ఈ రాయితీ ఉచితం కాదు. లాగుడు ఇనుము పగులు దాటి ఎఫెక్టివ్ డెప్త్ అంత పొడవు సాగాలని, లేదా దానికి సమానమైన పట్టు ఉండాలని ఆ క్లాజే షరతు పెట్టింది. రాడ్డు చివర వంచకపోతే అయిదు రెట్ల పెంపు వాడుకునే హక్కు ఉండదు. షియర్ బలం కూడా టై పట్టులోనే ఉందని కోడ్ తన మాటల్లో చెప్పినట్టే.

మన పైలు కోడ్ ఐఎస్ 2911 బెండింగ్ దారినే చూపుతుంది కదా, దాన్ని ఎందుకు దాటాలి అనేవారు ఉంటారు. దాటనక్కర లేదు. కోడ్ లెక్క కనీస అవసరంగా చేయండి, ట్రస్‌తో పోల్చి ఎక్కువ వచ్చినది తీసుకోండి. ఆ దారిలో కట్టిన క్యాపులు వేల సంఖ్యలో నిలిచి ఉన్నాయన్నదీ నిజమే. అవి నిలవడానికి సేఫ్టీ ఫ్యాక్టర్లు, పూర్తి బరువు ఎప్పుడూ రాకపోవడం కారణాలు కావచ్చు. రాడ్లను తప్పు చోట వేయడానికి అది అనుమతి కాదు. ట్రస్‌కూ హద్దులున్నాయి. స్ట్రట్ వాలు 45 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండాలని బ్లెవో, ఫ్రెమీలు సూచించారు. మన క్యాపులో పిల్లర్ నాలుగో భాగం నుంచి చూస్తే అది 46, అంటే హద్దుకు కాస్త లోపలే. పైళ్లు ఇంకా దూరం జరిగి వాలు బాగా పడిపోతే దిమ్మె స్లాబులా పనిచేయడం మొదలవుతుంది, అప్పుడు బెండింగే సరైన దారి. పిల్లర్‌లో మొమెంట్ ఉంటే పైళ్ల బరువులు సమానంగా ఉండవు. అన్నిటికంటే ఎక్కువ బరువు పడే పైలును పట్టుకొని నాలుగు టైలూ ఒకేలా వేయడం సురక్షితం.

కాబట్టి డ్రాయింగు మీద సంతకం చేసే ఇంజనీర్లకూ, సైటులో రాడ్లు చెక్ చేసే సూపర్‌వైజర్లకూ ఒక విన్నపం. కాంక్రీటు పోయకముందు మొత్తం రాడ్లు లెక్కపెట్టి ఆగిపోకండి. ఒక్కో పైలు తల మీదుగా ఎన్ని పోతున్నాయో విడిగా లెక్కపెట్టండి, వాటి చివరలు పైకి వంగి ఉన్నాయో లేదో టేపు పెట్టి కొలవండి. ఆ రెండూ సరిగా లేకపోతే కాంక్రీటు ఆపించండి.