అజెండాలో లేని అంశం

మున్సిపల్ కౌన్సిల్ వార్తలు చదివే వాళ్లకు 'టేబుల్ అజెండా' అన్న మాట బాగా తెలుసు. సభ్యులకు ముందుగా పంపిన కాగితాల్లో లేని అంశం సమావేశం రోజున బల్ల మీదికి వస్తుంది. చదివే తీరిక కూడా ఇవ్వకుండా ఆమోదించమంటారు. మన సంఘాల నోటీసుల్లో ఇదే కాస్త మర్యాదగా చివరి వరుసలో కనిపిస్తుంది: 'అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు.'

అమెరికాలో సంఘాలు నడిపే తెలుగువాళ్లు ఇదే వరుసను మరో పద్ధతిలో చూస్తారు. అక్కడ దాని పేరు 'న్యూ బిజినెస్'. ఆ ఘట్టం రాగానే 'కొత్త అంశాలేమైనా ఉన్నాయా?' అని అడగడం అధ్యక్షుడి విధి. ఏ సభ్యుడైనా లేచి తీర్మానం ప్రతిపాదించవచ్చు, ఇంకొకరు బలపరిస్తే అది చర్చకు వస్తుంది. దానికి అధ్యక్షుడి దయ అక్కర్లేదు. అయితే ఆ రోజు రాని సభ్యుడికి ఈ సంగతి తెలియదు కదా? ఆ లోటుకు ఒక వెల ఉంది. దాన్ని ఓట్ల రూపంలో చెల్లించాలి.

ఈ పద్ధతికి ఆధారం 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్'. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అమెరికా సైన్యంలో ఇంజనీరు. 1863లో మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమంటే, నడిపే తీరు తెలియక ఇబ్బందిపడ్డాడు. ఆ అనుభవంతో మొదలుపెట్టిన అధ్యయనం 1876లో చిన్న పుస్తకంగా వచ్చింది. 2020లో వెలువడిన పన్నెండో కూర్పును ఇవాళ ఎన్నో సంఘాలు తమ బైలాస్‌లో ప్రమాణంగా పేర్కొంటాయి.

ఈ నియమాల్లో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ముందుగా పంపిన అజెండా దానంతటదే ఎవరినీ కట్టిపడేయదు. సభ కూర్చున్నాక దాన్ని ఆమోదిస్తేనే అది నియమం అవుతుంది. ఆమోదించే ముందు దానికో అంశం చేర్చడానికి మామూలు మెజారిటీ చాలు. ఆమోదించాక మార్చాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఆలస్యంగా అంశం తెచ్చినవాళ్లు సభ మొదట్లోనే నోరు విప్పడం మంచిదనేది ఇందుకే. పైగా అప్పటికి జనం ఇంకా ఇళ్లకు బయలుదేరి ఉండరు.

వెల ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణలో చూద్దాం. నెలనెలా సమావేశమయ్యే ఒక తెలుగు సంఘం ఉందనుకోండి. సభ్యులు 60 మంది. ఉగాది వేడుకకు 1,200 డాలర్ల అద్దెతో స్కూలు ఆడిటోరియం తీసుకోవాలని డిసెంబరులో తీర్మానించారు. ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టలేదు. జనవరి సమావేశానికి 18 మంది వచ్చారు. చివరి పది నిమిషాల్లో ఒకరు లేచి, ఆడిటోరియం వద్దు, 3,000 డాలర్లయినా పెద్ద హాలు తీసుకుందామన్నారు. ఓటింగులో 11 మంది అనుకూలం, ఆరుగురు వ్యతిరేకం, ఒకరు తటస్థం.

పదకొండు ఆరు కంటే ఎక్కువే. అయినా తీర్మానం వీగిపోయింది. ఇది కొత్త నిర్ణయం కాదు, పాత నిర్ణయానికి సవరణ. ముందస్తు నోటీసు లేకుండా సవరించాలంటే పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి. పోలైనవి 17 కాబట్టి 12 కావాలి. ఇంకో దారి మొత్తం సభ్యత్వంలో మెజారిటీ, అంటే 31. వచ్చిందే 18 మంది కాబట్టి ఆ దారి ఎలాగూ లేదు. నోటీసు ఇచ్చి ఉంటే తొమ్మిదితోనే గెలిచేది. ఆడిటోరియంతో ఒప్పందం అప్పటికే కుదిరిపోయి ఉంటే మాత్రం ఎన్ని ఓట్లు వచ్చినా దాన్ని ఇలా వెనక్కి తీసుకోలేరు.

డిసెంబరు తీర్మానమే లేదనుకుందాం. అప్పుడు మామూలు మెజారిటీతో 11 మంది గెలిచేవాళ్లు. ఇంటికి వెళ్లిపోయిన వాళ్లకు రక్షణ ఏది? దానికీ రాబర్ట్ ఒక ఉపాయం చెప్పాడు: పునఃపరిశీలన కోరుతున్నట్టు మినిట్స్‌లో నమోదు చేయించడం. గెలిచిన పక్షాన ఓటేసిన వ్యక్తి అదే రోజున దీన్ని కోరాలి, ఇంకొకరు బలపరచాలి. అంతటితో నిర్ణయం అమలు ఆగిపోతుంది. తిరిగి చర్చించడం మరో రోజునే. వ్యతిరేకించేవాళ్లలో ఒకరు కావాలనే అనుకూలంగా ఓటేసి ఈ హక్కు సంపాదించుకోవచ్చు, అది తప్పు కాదు. కనీసం మూడు నెలలకోసారైనా కలిసే సంఘాలకే ఇది అక్కరకొస్తుంది. ఏడాదికోసారి ఒక్కరోజే జరిగే మహాసభలో దీనికి చోటు లేదు.

ప్రభుత్వ సంస్థలకు వచ్చేసరికి వెల ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ రాని మనిషి ఊళ్లోని పౌరుడు. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం మామూలు సమావేశానికి 72 గంటల ముందు అజెండా ప్రకటించాలి. అందులో లేని అంశంపై నిర్ణయం తీసుకోకూడదు. మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనదానికి రెండు సంగతులు తేలాలి: వెంటనే చర్య తీసుకోక తప్పదు, ఆ అవసరం అజెండా ప్రకటించాకే తమ దృష్టికి వచ్చింది. ఐదుగురి కౌన్సిల్లో అందరూ ఉంటే నలుగురు దీనికి ఒప్పుకోవాలి. ముగ్గురే వస్తే ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒక పౌరుడు అప్పటికప్పుడు ఏదైనా అడిగితే క్లుప్తంగా జవాబు చెప్పవచ్చు, తర్వాతి అజెండాలో చేర్చమనవచ్చు. అంతకు మించి చర్చలోకి దిగకూడదు.

ఇక్కడ తప్పు ఎక్కువగా మినిట్స్‌లో బయటపడుతుంది. ఉండాల్సినవి రెండు ఓట్లు: అంశాన్ని చేర్చడానికి ఒకటి, అంశం మీద ఇంకొకటి. చాలాచోట్ల రెండోదే కనిపిస్తుంది. లేదా 'అత్యవసరం కనుక' అని రాసి ఊరుకుంటారు. అత్యవసరం అన్న మాట సరిపోదు. ఆ సంగతి ఎప్పుడు తెలిసిందో తేదీ ఉండాలి. శుక్రవారం అజెండా ప్రకటించి, సోమవారం వచ్చిన ఉత్తరం గురించి మంగళవారం నిర్ణయిస్తే అది నిలుస్తుంది. ఉత్తరం మీద తేదీ అంతకు ముందు వారానిదైతే, అది ఆఫీసుకు ఎప్పుడు చేరిందన్న ప్రశ్న వస్తుంది. ఎవరైనా 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా సరిదిద్దమని అడగవచ్చు. సరిదిద్దకపోతే కోర్టుకు వెళ్లి నిర్ణయాన్ని రద్దు చేయించవచ్చు.

సంఘాల మినిట్స్‌కు రాబర్ట్ పెట్టిన సూత్రం ఒకటే: జరిగింది రాయాలి, అన్నది రాయకూడదు. మన కార్యదర్శులు జనవరి గొడవను 'హాలు విషయమై సుదీర్ఘంగా చర్చించడమైనది' అని రాస్తారు. దాంట్లో రాని సభ్యుడికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. రాయాల్సింది ఇలా:

'కొత్త అంశాలు. పంపిన అజెండాలో లేనిది. ఉగాది వేదికపై డిసెంబరు తీర్మానంలో "స్కూలు ఆడిటోరియం, 1,200 డాలర్లు" అన్న మాటలు తీసి "పెద్ద హాలు, 3,000 డాలర్లు" అని చేర్చాలని ఫలానా సభ్యుడు ప్రతిపాదించారు. ముందస్తు నోటీసు లేదు. అనుకూలం 11, వ్యతిరేకం 6. మూడింట రెండు వంతులు రానందున వీగిపోయింది. ఇదే సవరణను ఫిబ్రవరి సమావేశంలో తెస్తానని ఆయన నోటీసు ఇచ్చారు.'

ఎవరు ఎవరిమీద గొంతు పెంచారో ఇందులో లేదు. బలపరిచినవారి పేరు కూడా అక్కర్లేదు. తీర్మానం మాటలు మాత్రం ఉన్నవున్నట్టు ఉండాలి. చివరి వాక్యమే అన్నిటికన్నా విలువైనది. నెలనెలా కలిసే సంఘంలో సభలో నోటితో చెప్పినా నోటీసు చెల్లుతుంది, దాన్ని మినిట్స్‌లో ఎక్కిస్తే అదే సాక్ష్యం.

మన ఉదాహరణలో ఆ మినిట్స్ అందరికీ అందాయి. ఫిబ్రవరిలో 28 మంది వచ్చి ఓటేశారు. అనుకూలం 16, వ్యతిరేకం 12. మూడింట రెండు వంతులు కావాలంటే 19 రావాలి, రాలేదు. కానీ ఈసారి నోటీసు ఉంది కాబట్టి మామూలు మెజారిటీ చాలు. పెద్ద హాలు ఖాయమైంది. ఓడిన పన్నెండు మందిలో జనవరిలో రానివాళ్లూ ఉన్నారు. తమకు తెలియకుండా జరిగిందని వాళ్లెవరూ అనలేరు.