వేళ్ల మధ్య 60 వెంట్రుకలు

జుట్టు రాలుతోందని మేనకోడల్ని అమలాపురం నుంచి రాజమండ్రిలో చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ జుట్టు ముట్టుకోకముందే అడిగారు: "రెండు మూడు నెలల కింద పెద్ద జ్వరమేమైనా వచ్చిందా అమ్మా?"

"ఆయ్, డెంగీ వచ్చిందండి."

జ్వరానికి నిద్రలోకి జారిన కుదుళ్లు వెంట్రుకను వదిలేది రెండు మూడు నెలల తర్వాతేనట.

తర్వాత 60 వెంట్రుకల పాయను మూడు వేళ్ల మధ్య పట్టి, కుదురు నుంచి కొస దాకా మెల్లగా లాగారు. ఎంత ఒడుపో! పిల్ల కళ్లు కూడా చిట్లించలేదు. ఎనిమిది ఊడాయి, మొదట్లో తెల్లటి బొడిపెతో. ఆరు దాటితే రాలడం ఎక్కువగా ఉన్నట్టే. కానీ ఒక్క చోట చూసి తేల్చలేదు, నాలుగు వైపులా లాగి చూశారు.

ఆపైన ట్రైకోస్కోపు, అంటే వెలుగున్న భూతద్దం. నూనె రాసుకు రావద్దన్నది ఇందుకే, వెంట్రుకలు అంటుకుపోతే మందం తేలదు. సన్నవీ లావువీ కలగలిసి ఉంటే వంశపారంపర్య బట్టతలను అనుమానిస్తారు. అది లాగితే బయటపడకపోవచ్చు. ఇక్కడ అన్నీ ఒకే మందం, మధ్యమధ్య కొత్త మొలకలు.

జ్వరం తేదీ, వాడిన మాత్రలు, మా అక్క పాపిట పలచబడ్డ సంగతి చీటీ మీద రాసుకెళ్లాం. "ఏ రక్తపరీక్ష, ఎందుకు? ఎన్నాళ్లకు ఆగుతుంది?" అనీ అడిగాం. ఇనుము నిల్వకూ థైరాయిడ్‌కూ రాశారు. రాలడం ఆరు నెలల్లో సద్దుమణగాలి, లేకుంటే మళ్లీ రమ్మన్నారు.