జాబితాలో రాసేది పనా, అడుగా?

నవంబరు వస్తే కేంద్ర ప్రభుత్వ పింఛను తీసుకునే పెద్దవాళ్లున్న ఇళ్లలో, ఎవరో ఒక కొడుకో కూతురో ఫోన్లో 'అమ్మ లైఫ్ సర్టిఫికెట్' అని రాసుకుంటారు. ఆ లైను మూడో వారం దాకా అక్కడే ఉంటుంది. మరిచిపోయారనడానికి లేదు, రోజూ కళ్ల ముందే ఉంది. బద్ధకమని కూడా అనలేం, ఆ జాబితాలోంచే కరెంటు బిల్లు కట్టేశారు, కారు సర్వీసింగ్‌కి ఇచ్చేశారు. ఇదొక్కటే కదలదు. నెలాఖరు దాటితే డిసెంబరు నుంచి పింఛను ఆగిపోతుందని తెలిసి కూడా కదలదు.

'కరెంటు బిల్లు' అన్న లైను చూడగానే వేలు యూపీఐ యాప్ మీదికి పోతుంది. 'అమ్మ లైఫ్ సర్టిఫికెట్' చూసినప్పుడు వేలు కదలదు, బుర్ర మొదలవుతుంది. అమ్మని బ్యాంకుకి తీసుకెళ్లాలా? ఇంట్లోంచే అవుతుందని ఎవరో అన్నారు, నిజమేనా? నంబరేదో అడుగుతారట, అది ఎక్కడుంటుంది? ఇన్ని ప్రశ్నలకు జవాబు వెతికే తీరిక ఆఫీసులో రెండు మీటింగుల మధ్య దొరకదు. అందుకని కన్ను ఆ లైను మీంచి జారి, తర్వాతి సులువైన దాని మీద పడుతుంది.

ఈ చిక్కునే పట్టుకుని ఒక పద్ధతి కట్టినవాడు అమెరికన్ సలహాదారు డేవిడ్ అలెన్. 2001లో వచ్చిన ఆయన పుస్తకం 'గెటింగ్ థింగ్స్ డన్' ఆఫీసు ఉద్యోగుల లోకంలో ఒక సంప్రదాయాన్నే మొదలుపెట్టింది. అందులో మూలమైన మాట 'నెక్స్ట్ యాక్షన్', అంటే ఈ పని ముందుకు జరగాలంటే కాళ్లూ చేతులూ నోరూ చేయాల్సిన, కంటికి కనబడే మొట్టమొదటి పని. ఆ ఆలోచన తనది కాదని, డీన్ ఎచిసన్ అనే తన గురువు దగ్గర నేర్చుకున్నానని అలెన్ చెప్పుకున్నాడు. ఆ పేరు విని అమెరికా మాజీ విదేశాంగ మంత్రి అనుకోకండి, ఈయన వేరే మనిషి. కంపెనీ అధికారుల బల్ల మీద పేరుకున్న కాగితాలు ఒక్కొక్కటీ చేతికిచ్చి, దీనికి తర్వాత చేయాల్సిన పనేమిటో ఇప్పుడే తేల్చమని కూర్చోబెట్టేవాడట. అలా తేల్చడం మొదలెట్టాకే ఆ కాగితాలు కదిలేవి.

పుస్తకంలో అలెన్ చెప్పే ఉదాహరణ ఒకటి ముచ్చటగా ఉంటుంది. కారు ట్యూనప్ చేయించాలి. సరే, ఏం చేస్తావు? గ్యారేజీకి ఫోన్ చేస్తాను. నంబరుందా? లేదు, ఫ్రెడ్ ఎవరినో చెప్పాడు, ఆ వివరాలు నా దగ్గర లేవు. అయితే నీ పని గ్యారేజీకి ఫోన్ చేయడం కాదు, ఫ్రెడ్‌ని అడగడం. మనం జాబితాలో రాసుకునేది సాధారణంగా ఇలా రెండు మూడు మెట్ల పైన ఉంటుంది. కాలు పెట్టాల్సిన మెట్టు కింద ఎక్కడో కనబడకుండా ఉంటుంది.

అమ్మ లైఫ్ సర్టిఫికెట్‌కి ఇదే చేసి చూద్దాం. అమ్మ కాజీపేటలో ఉంటుంది, రైల్వేలో చేసిన నాన్నగారి మీద ఫ్యామిలీ పింఛను వస్తుంది. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్ పద్ధతి 2014 నుంచి ఉంది. మొదట్లో వేలిముద్రో కంటిపాపో కావాల్సి వచ్చేది. పెద్దవాళ్ల వేలిరేఖలు అరిగిపోయి యంత్రం పట్టక చాలామంది వెనక్కి వచ్చేవారు. 2021లో ముఖం చూసి గుర్తుపట్టే సదుపాయం వచ్చాక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే అయిపోతోంది. కావలసినవి అమ్మ ఆధార్ నంబరు, పింఛను పేమెంట్ ఆర్డర్ నంబరు (అందరూ పీపీఓ నంబరనే అంటారు), పింఛను పడే బ్యాంకు ఖాతా నంబరు, ఒక మొబైల్ నంబరు, ఎదురుగా అమ్మ ముఖం. ఫోన్లో AadhaarFaceRD, Jeevan Pramaan అనే రెండు యాప్‌లు ఉండాలి. మొదట పక్కనుండి చేసిపెట్టేవాళ్లు తమ ముఖం చూపించి ఆపరేటరుగా నమోదు కావాలి, తర్వాత అమ్మ వివరాలు పెట్టి ఆమె ముఖం చూపించాలి. అంతా సరిగ్గా జరిగితే ఎస్సెమ్మెస్‌లో ప్రమాణ్ ఐడీ వస్తుంది.

ఇప్పుడు కొడుకుని అడగండి: ఈ క్షణం ఫోన్ తీసి మొదలెట్టగలవా? లేదు, పీపీఓ నంబరు నా దగ్గర లేదు. ఎక్కడుంటుంది? అమ్మ బీరువాలో నాన్నగారి ఫైల్లో పింఛను ఆర్డర్ కాగితం ఉంటుంది. దాన్ని నువ్వు తీయగలవా? తీయలేను, నేను హైదరాబాద్‌లో ఉన్నాను. మరి ఎవరు తీస్తారు? అమ్మే తీసి ఫోటో పంపాలి. అయితే జాబితాలో ఉండాల్సిన లైను ఇదీ:

'అమ్మకి ఫోన్: బీరువాలో నాన్న ఫైలు తీసి, పింఛను ఆర్డర్ మొదటి పేజీ, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ ఫోటో తీసి వాట్సాప్ చేయమనాలి.'

దీన్ని బస్సులో నిలబడి కూడా మొదలెట్టొచ్చు. చదివినవాడికి ఇంకో ప్రశ్న రాదు. ఎవరికి, ఏ సాధనంతో, ఏం అడగాలి అన్నవన్నీ అందులోనే ఉన్నాయి. 'సర్టిఫికెట్' అన్న మాటే లేదని గమనించండి. గమ్యం పేరు లైన్లోంచి తప్పుకుంటే చింతేమీ లేదు, దాన్ని ఇంకోచోట దాచుకోవచ్చు. ఒకటికి మించి అడుగులు పట్టే ప్రతిదాన్నీ అలెన్ ప్రాజెక్టు అంటాడు. 'అమ్మ లైఫ్ సర్టిఫికెట్ నవంబరు 30లోగా చేరాలి' అనేది ఆ ప్రాజెక్టుల జాబితాలో ఒక లైనుగా కూర్చుంటుంది. రోజూ చూసే జాబితాలో ఉండాల్సింది అమ్మకి ఫోన్ మాత్రమే.

కొత్తగా పట్టుకున్నవాళ్లు ఇక్కడే ఉత్సాహపడి, ప్రాజెక్టు మొత్తానికి పన్నెండు అడుగులు వరసగా రాసేస్తారు. ఆ శ్రమ దండగ. అమ్మ ఫోన్ ఎత్తి, "మీ బాబాయి మొన్ననే ఆయన ఫోన్లో చేసిపెట్టాడురా" అనొచ్చు, అప్పుడు పదకొండు లైన్లు కొట్టేయాలి. లేదా ఆధార్ ఆ పింఛను రికార్డుకి జత కాలేదని తేలొచ్చు, అప్పుడు అడుగులన్నీ మారిపోతాయి. అది జత కాకపోతే డిజిటల్ సర్టిఫికెట్ ముందుకు పోదు, బ్యాంకుకో సంబంధిత కార్యాలయానికో వెళ్లాల్సిందే. అందుకని ఒక్క అడుగే రాసి, అది కాగానే తర్వాతిది రాసుకోవాలి.

ఫోటోలు వచ్చాక ఏమవుతుంది? కొడుకు తన ఫోన్లో రెండు యాప్‌లూ దించుకోవచ్చు, ఆపరేటరుగా నమోదు కావచ్చు. అవి హైదరాబాద్‌లో, రాత్రి భోజనం అయ్యాక కూడా అవుతాయి. కానీ అమ్మ ముఖం చూపించే అడుగు కాజీపేటలోనే అవుతుంది. ఆ లైను రోజువారీ జాబితాలో ఉంటే పది రోజులు వెక్కిరిస్తుంది. అందుకే ఈ పద్ధతిలో అడుగులను అవి జరిగే చోటుని బట్టి విడదీస్తారు: ఫోన్ చేయాల్సినవి ఒకచోట, కంప్యూటరు ముందు అయ్యేవి ఒకచోట, ఊరెళ్లినప్పుడు చేయాల్సినవి ఒకచోట. శనివారం కాజీపేటలో రైలు దిగాక ఆ మూడోది తెరిస్తే చాలు. రోజువారీ జాబితాలోకి రాకూడనిది ఇంకొకటుంది, ఎదుటివాళ్ల చేతిలో ఉన్నది. అమ్మ ఫోటో పంపేదాకా కొడుకు చేయాల్సిన అడుగు లేదు. దాన్ని 'అమ్మ ఫోటోలు పంపాలి, 8న అడిగాను' అని ఎదురుచూపుల జాబితాలో తేదీతో సహా రాసుకోవాలి. తేదీ లేకపోతే ఎప్పుడు మళ్లీ అడగాలో తేలదు, మొహమాటం గెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా మోసగించేది అడుగులాగా కనబడి అడుగు కానిది. 'చూడాలి', 'మాట్లాడాలి', 'కనుక్కోవాలి', 'ఫైనల్ చేయాలి' అన్నవాటిలో క్రియ ఉంది కాబట్టి స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తాయి. 'పాప ట్యూషన్ కనుక్కోవాలి' అన్నది తీసుకోండి. ఎవర్ని కనుక్కోవాలి? 'రెండో అంతస్తు వాళ్ల పాపకి మేథ్స్ ఎవరు చెబుతున్నారో లిఫ్ట్ దగ్గర కనబడితే అడగాలి' అంటే కాస్త దిగొచ్చినట్టు. 'వాళ్లమ్మకి మెసేజ్: మేథ్స్ టీచర్ పేరు, ఫోన్ నంబరు పంపగలరా' అంటే అడుగు. 'ఆలోచించాలి' అన్నదాన్ని కూడా ఇలాగే దించాలి. 'ఇల్లు అమ్మే విషయం ఆలోచించాలి' అని రాస్తే ఎవరూ ఆలోచించరు. 'కాగితం మీద రెండు గడులు గీసి, అమ్మితే వచ్చేవి, పోయేవి అరగంట రాయాలి' అంటే చేతికి పని దొరుకుతుంది.

పని మిగిలిపోయిందన్న గుబులు మనసులో తిరగడం గురించి పరిశోధన కూడా ఉంది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగాల్లో, తీరని లక్ష్యాలు వేరే పని చేస్తున్నప్పుడు అడ్డుపడుతున్నాయని తేలింది. ఆ లక్ష్యానికి కచ్చితమైన ప్రణాళిక రాయించగానే, పని పూర్తి కాకుండానే ఆ అడ్డు పోయింది. జాబితాలో అడుగు తేలగానే గుండె తేలికపడడానికి కారణం బహుశా ఇదే. ఇందులో చిన్న ప్రమాదం కూడా ఉందని నాకనిపిస్తుంది: రాసినంత మాత్రానే తేలికైతే, రాయడంతోనే ఆగిపోవచ్చు.

దీని హద్దు కూడా అక్కడే. లైను నిఖార్సుగా ఉన్నా మూడు వారాలుగా ఒక జాబితాలోంచి ఇంకో జాబితాలోకి మారుతూ వస్తుంటే, ఇక మాటల్ని సరిచేసి లాభం లేదు. 'బావగారికి ఫోన్ చేసి అప్పు తిరిగి అడగాలి' అన్నదానిలో అస్పష్టత ఏమీ లేదు. నంబరుంది, మాట ఉంది. లేనిది అడిగే మనసు. అలాంటప్పుడు మొదటి అడుగు అక్కతో మాట్లాడడమో, లేదా ఆ డబ్బు వదులుకున్నానని ఒప్పుకుని లైను కొట్టేయడమో అవుతుంది.

ఇంకొకటి, తిరగరాసే వేళా చేసే వేళా వేరుగా ఉండాలి. అడుగు తేల్చడానికి ప్రశాంతంగా ప్రశ్నలు వేసుకునే బుర్ర కావాలి, చేయడానికి అక్కర్లేదు. వారానికోసారి, ఆదివారం ఉదయం కాఫీ తాగాక జాబితా ముందు పెట్టుకుని లైను లైనుకీ 'దీనికి నేను ఎక్కడ, దేంతో మొదలెడతాను' అని అడిగి తిరగరాయడం చాలామందికి కుదురుతుంది. రెండు నిమిషాల్లో అయ్యేది కనబడితే రాయకుండా అక్కడికక్కడే చేసేయాలని అలెన్ నియమం. అమ్మకి ఫోన్ అలాంటిదే, కాకపోతే అమ్మతో ఫోన్ ఏ ఇంట్లోనూ రెండు నిమిషాల్లో తేలదు, కాబట్టి దాన్ని రాసుకోవడమే మంచిది.