మన ‘అని’, వాళ్ళ ‘బోల్‌కే’

చుట్టరికం లేని భాషలు కూడా తరతరాలు పక్కపక్కన బతికితే ఒకేలా మారతాయని ఎమెనో 1956లో ‘భాషాక్షేత్రంగా భారతదేశం’ అనే ఇంగ్లీషు వ్యాసంలో వాదించాడు. వాదన నాకు నచ్చింది. కానీ మా హోసూరుకి అది సగమే సరిపోతుంది.

మేం ‘రేపు వస్తానని చెప్పాడు’ అంటాం. ఆ ‘అని’ ఉన్నచోట తమిళంలో ‘ఎన్ఱు’, కన్నడంలో ‘ఎందు’ వస్తాయి. మూడూ ‘అను’ అనే అర్థమున్న ఒకే పాత ధాతువు పిల్లలు. అంటే ఇది వారసత్వం. ఇరుగుపొరుగు ప్రభావానికి ఇది సాక్ష్యం కాదు.

సాక్ష్యం మా వీధిలోని దక్కనీ ఉర్దూలో ఉంది. వాళ్ళు ‘కల్ ఆతూఁ బోల్‌కే బోలా’ అంటారు. ఉత్తరాది ఉర్దూలో అయితే ముందు ‘కహా కి’ వస్తుంది, చెప్పిన మాట ఆ తర్వాత. ‘బోల్’, ‘కే’ రెండూ ఉర్దూ సొంత మాటలే, వరస మాత్రం మనది. సొంత చుట్టంలో లేక, చుట్టం కాని పొరుగులో ఉన్న పద్ధతి గనుక దీన్ని సంపర్కం అనవచ్చు.

ఎవరి దగ్గర నేర్చింది? తెలుగు దగ్గరే అని రాయాలని నాకూ ఉంది! కానీ కన్నడ తమిళాలే కాదు, మరాఠీ ‘మ్హణూన్’ కూడా ఇదే పని చేస్తుంది, దక్కనీ మరాఠీ నేలమీదా పెరిగింది. పోలిక ఒక్కటే చూస్తే ఇచ్చినవాళ్ళెవరో తేలదు. పాత దక్కనీ రాతల్లో ‘బోల్‌కే’ మొదట ఏ ప్రాంతంలో కనబడుతుందో వెతకాలి.