బాకీ అడిగే నేర్పు

అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్లలో కొందరు అకౌంటెంట్లు బాకీ అడిగే తీరు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. 80 వేల బిల్లు, 30 రోజుల గడువు దాటిందనుకుందాం. మొదటి ఉత్తరంలో నింద ఉండదు. "సార్, బిల్లు మీకు చేరిందో లేదోనని మళ్లీ పంపుతున్నాం" అని ఇన్‌వాయిస్‌తో పాటు పర్చేజ్ ఆర్డరు, సంతకమున్న డెలివరీ చలానా జతచేస్తారు. నిజంగానే ఏదో కాగితం లేక ఆగిపోయే బిల్లులుంటాయి మరి.

అసలు పనితనం వారం తర్వాత వెళ్లే రెండోదానిలో ఉంది. "సరుకులో లోపముంటే చెప్పండి, లేదంటే డబ్బు ఏ తేదీన వేస్తారో రాయండి." లోపం చెబితే సరిదిద్దవచ్చు. తేదీ రాసిస్తే బాకీ ఒప్పుకున్నట్టే. "చూస్తాంలెండి" అన్న జవాబుతో వాళ్లు సరిపెట్టుకోరు, తేదీ వచ్చేదాకా మర్యాదగా అడుగుతూనే ఉంటారు.

ఆ తేదీ కూడా దాటితే మూడోది నేరుగా సరుకు కొన్న సంస్థ యజమానికే వెళ్తుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పుకున్న గడువు దాటిన మర్నాటి నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుందని ఉద్యమ్ నంబరుతో సహా రాస్తారు. కొత్త ఆర్డర్లు ఆపుతారు. అందులోనూ పరుషమైన మాట ఒక్కటీ ఉండదు. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఎప్పుడు వెళ్తారో మాత్రం ఉంటుంది.