తునక సందేశాల్లో వాక్యం ఎక్కడ ముగుస్తుంది?: అమీర్‌పేట నమూనా ఆధారంగా ఒక పరిశీలన

వాట్సాప్ భాషపై వస్తున్న తెలుగు పరిశోధనల్లో ఒక పద్ధతి స్థిరపడుతున్నది. తెరపై ఒక గడిలో కనిపించినదాన్ని ఒక వాక్యంగా లెక్కించి, వాటిలో క్రియ లేనివి ఎన్ని, అసంపూర్ణమైనవి ఎన్ని అని పట్టిక వేయడం, ఆ పట్టికను బట్టి యువతరం వాక్యనిర్మాణం శిథిలమవుతున్నదని తేల్చడం. ఇక్కడ దోషం లెక్కలో లేదు, లెక్కించడానికి ఎంచుకొన్న ప్రమాణంలో ఉన్నది. గడి పంపే మీట నొక్కినప్పుడల్లా తెగుతుంది. వాక్యం తెగేది ఆకాంక్ష తీరినప్పుడు. ఈ రెండూ ఒకే చోట జరగాలన్న నియమం ఏదీ లేదు.

నమూనాకు అమీర్‌పేటను ఎంచుకోవడానికి కారణం ఉన్నది. మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థలు, వాటిని ఆనుకొని హాస్టళ్లు, పైన రెండు మెట్రో మార్గాలు కలిసే స్టేషను. జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థి నడుస్తూ, మెట్లెక్కుతూ, ఇంటికి సమాచారం పంపే చోటు అది. నిజమైన వ్యక్తుల సంభాషణను బయటపెట్టడం ఉచితం కాదు కనుక, తరచుగా కనిపించే తీరును అనుసరించి నేనే కూర్చిన నమూనాను కింద ఇస్తున్నాను. ఒక తమ్ముడు అక్కకు రెండు మూడు నిమిషాల్లో పంపినవి. సాధారణంగా రోమన్ లిపిలో టైపు చేసేవాటిని తెలుగు లిపిలో చూపుతున్నాను.

1. అక్కా
2. డెమో క్లాసు అయిపోయింది
3. మైత్రీవనం ఎదురుగా ఉన్నదే
4. బాగుంది గానీ
5. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే
6. వద్దని
7. పంజాగుట్ట దాకా వచ్చేశా నడుచుకుంటూ
8. అక్కడిది చూసి
9. చెప్తా
10. నాన్నకి మాత్రం ఇప్పుడే చెప్పకు

గడిని ప్రమాణంగా తీసుకొంటే ఇక్కడ పది వాక్యాలు. వాటిలో 1, 3, 5, 6, 8 సమాపక క్రియ లేనివి, అంటే సరిగ్గా సగం. ఇప్పుడు అన్వయం చేసి చూద్దాం. సంబోధనతో మొదలై మూడో తునకతో ముగిసేది ఒక వాక్యం. ‘మైత్రీవనం ఎదురుగా ఉన్నదే’ అన్నది క్రియ తర్వాత వచ్చి చేరిన విశేషణం, వెనక్కి వెళ్లి ‘క్లాసు’ను పట్టుకొంటుంది. నాలుగు నుంచి ఏడు దాకా రెండో వాక్యం. ‘నడుచుకుంటూ’ అన్న శత్రర్థకం కూడా క్రియ తర్వాతే పడింది. ఎనిమిది, తొమ్మిది కలిసి మూడోది. పదోది నాలుగోది. మొత్తం నాలుగు వాక్యాలు, నాలుగింటికీ సమాపక క్రియ ఉన్నది. సగం శిథిలమన్న పాఠమే ఇప్పుడు సలక్షణంగా నిలుస్తున్నది.

ఈ తెంపులు ఎక్కడ పడ్డాయో గమనించాలి. ‘గానీ’, ‘కట్టమంటే’, ‘వద్దని’, ‘చూసి’ అన్నీ ఇంకా ఏదో రావాలని చెప్పే రూపాలే. బాలవ్యాకరణం (1858) చదివినవారికి క్త్వార్థకం, చేదర్థకం కొత్తవి కావు. తెలుగు క్రియాంత భాష కనుక, అసమాపక క్రియ దగ్గర ఆగినవాడు వాక్యాన్ని విడిచిపెట్టినట్లు కాదు. మాట తన వంతులోనే ఉన్నదని ఎదుటివారికి తెలిపినట్లు. సంభాషణలో వంతుల గురించి శాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ 1974లో రాసిన వ్యాసం ముఖాముఖి మాటకు సంబంధించినది. తెరపై స్వరం ఉండదు, ఆ పనిని ఇక్కడ ప్రత్యయం చేస్తున్నది.

అయిదో తునకను ఒంటరిగా చదివితే ‘కట్టమంటే’ అన్నది షరతు కావచ్చు, జరిగిన సంగతి కావచ్చు. కట్టమన్నట్లయితే అనా, కట్టమన్నప్పుడు అనా? నిర్ణయం ఏడో తునకలోని ‘వచ్చేశా’ చేతిలో ఉన్నది. అక్కడ భూతకాలం ఉన్నది కనుక సంస్థవారు అడిగేశారు, ఇతడు వచ్చేశాడు. ఆ చోట ‘మానేస్తా’ అని ఉంటే అదే అయిదో తునక షరతుగా మారేది. ముందున్న తునక అర్థాన్ని వెనుక వచ్చేది స్థిరపరచడం మనకు కొత్త కాదు. స్వయంపూర్ణమైన పద్యాన్ని ముక్తకమనీ, అన్వయంతో ముడిపడిన రెంటిని యుగ్మకమనీ, మూడింటిని సందానితకమనీ, నాలుగింటిని కలాపకమనీ, అయిదింటిని, అంతకు మించినవాటిని కులకమనీ ఆలంకారికులు వేరు చేశారు. కులకంలోని ఒక పద్యాన్ని విడిగా తీసి క్రియ లేదని తప్పు పట్టే విమర్శకుడు ఉండడు. పోలికకు హద్దు ఉన్నది. కులకంలో తెంపును ఛందస్సు నిర్ణయిస్తుంది, ఇక్కడ బొటనవేలు నిర్ణయిస్తుంది.

ఆకాంక్ష, యోగ్యతల కంటె ఇక్కడ చిక్కు తెచ్చేది సన్నిధి. జాముకొక పదం చొప్పున పలికితే వాక్యబోధ కలగదని అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పిన ఉదాహరణ ప్రసిద్ధం. తెరపై సన్నిధి కాలం వల్లనే కాదు, మధ్యలో మరొకరి మాట దూరడం వల్ల కూడా చెడుతుంది. పై నమూనాలో ఎనిమిదికి, తొమ్మిదికి నడుమ అక్క ‘ఎంతట ఫీజు?’ అని అడిగిందనుకొందాం. ‘చెప్తా’ వెంటనే ఆ ప్రశ్నకు జవాబులా కనిపిస్తుంది. ఫీజు సంగతి తర్వాత చెప్తాను, అని. కాని అలా చదివితే ‘చూసి’ దిక్కులేనిదై మిగులుతుంది. క్త్వార్థకం సాధారణంగా తన కర్తతోనే ఉన్న సమాపక క్రియను కోరుతుంది, ఆ దరిదాపుల్లో అటువంటిది ‘చెప్తా’ ఒక్కటే. తీరని ఆకాంక్షే ఇక్కడ సన్నిధి లోపాన్ని పూరిస్తుంది. అష్టావధానంలో ఒక్కొక్క ఆవృత్తికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పిన పద్యాలను చివర ధారణ కలిపినట్లు, ఇక్కడ పాఠకుడే ధారణ చేయాలి. పరిశోధకుడు మరికొంత జాగ్రత్త పడాలి. ఇద్దరూ ఒకేసారి టైపు చేస్తున్నప్పుడు, నెట్‌వర్క్ తెగి వచ్చినప్పుడు ఇద్దరి ఫోన్లలో వరుస ఒకేలా ఉండకపోవచ్చు. ఒక్క ఫోను తెరచిత్రాన్ని మూలపాఠంగా స్వీకరించడం ఒక్క తాళపత్రప్రతితో పరిష్కరణ చేయడం వంటిది.

అయితే వెంటవెంటనే వచ్చినదంతా కులకం కాదు. తీసి చూడడమే పరీక్ష. రెండో తునకను మాత్రమే చదివినా అర్థం చెడదు, దానికి ముక్తక స్వభావం ఉన్నది. పదోది మరింత మోసకారి. వ్యాకరణరీత్యా అది పరిపూర్ణ వాక్యం. దాన్ని మాత్రమే తెరచిత్రం తీసి కుటుంబ గ్రూపులో పెడితే, తండ్రికి తెలియకుండా ఏదో దాస్తున్న కొడుకు కనిపిస్తాడు. ‘మాత్రం’, ‘ఇప్పుడే’ అన్న రెండు మాటలు ముందున్న తొమ్మిదింటి వైపు చూస్తున్నాయి. నీకు చెప్పాను, ఆయనకు రెండో సంస్థను కూడా చూశాక చెప్తాను, అని. క్రియ ఉన్నంత మాత్రాన వాక్యం ఒంటరిగా నిలవగలదనుకొనే పట్టిక ఈ తునకను ‘సంపూర్ణం’ గడిలో వేసి ముందుకు పోతుంది.

పంపినవాడు ఆరో తునకను తర్వాత తొలగించాడనుకొందాం. ‘ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే పంజాగుట్ట దాకా వచ్చేశా’ అన్నది వ్యాకరణానికి నిండుగానే ఉంటుంది, అన్వయంలో ఎక్కడా వెలితి కనబడదు. కాని డబ్బు తెచ్చుకోవడానికి వచ్చాడో, వద్దనుకొని వచ్చాడో ఇప్పుడు తెలియదు. తొలగించిన గుర్తు తెరపై మిగిలి ఉన్నా, సంభాషణను నకలు తీసి పట్టికలోకి ఎక్కించేవారు అటువంటి గడిని ఖాళీగా భావించి మొదటే తీసివేస్తారు.