పాత మదర్‌బోర్డు పారేయొద్దు

ఆత్మకూరులో ఎరువులు, పురుగుమందులు అమ్మే కొట్టు అది. ముందు కౌంటరు మీద ఒక కంప్యూటరు, వెనక గోడౌన్లో ఇంకొకటి. వెనకదే సర్వరు. బిల్లింగ్ సాఫ్ట్‌వేరు లైసెన్సు, స్టాకు, అప్పుల ఖాతాలు అన్నీ దాన్లోనే. కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం దాని మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు వేసి పాత హార్డ్ డిస్కే తగిలిస్తే లెక్కలన్నీ పదిలంగా ఉన్నాయి గానీ సాఫ్ట్‌వేరు మాత్రం లైసెన్సు లేదంది. “డిస్కు బాగానే ఉంది కదన్నా, మళ్లీ కీ ఏంది?” అన్నాడు కొట్టు ఆసామి.

ఇలాంటి లైసెన్సు చాలావరకు డిస్కులోని ఫైలు ఒక్కదాన్నే నమ్ముకోదు. యాక్టివేట్ చేసిన రోజున బోర్డు సీరియల్ నంబరు, నెట్‌వర్క్ కార్డు చిరునామా, డిస్కు నంబరు లాంటి గుర్తులు కలిపి ఆ యంత్రానికి ఒక ముద్ర కడుతుంది. ఒక గుర్తు మారితే సర్దుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ నెట్‌వర్క్ పోర్టు బోర్డులోనే అతికి ఉంటుంది కాబట్టి బోర్డు పోతే రెండు గుర్తులు ఒకేసారి పోతాయి. మామూలుగా కంప్యూటరు మార్చేముందు పాతదాన్లో లైసెన్సు వదిలేసి కొత్తదాన్లో తీసుకోవాలి. కాలిపోయినదాన్లో ఆ పని చెయ్యడానికి వీల్లేదు. అందుకే కంపెనీకి ఉత్తరం రాయాలి.

ఉదయగిరి, ఆత్మకూరు కొట్లవాళ్ల కోసం ఇలాంటి ఉత్తరాలు రాసిపెడుతుంటాను. మావాళ్లు మొదట చెప్పేది బాధే: వ్యాపారం ఆగింది, రైతులు నిలబడి ఉన్నారు, డబ్బు కట్టి కొన్నాం. అదంతా నిజమే. కానీ అవతల సపోర్టులో కూర్చున్న మనిషి తెరమీద ఈ లైసెన్సు ఇంకా పాత కంప్యూటరులో నడుస్తున్నట్టే ఉంటుంది. ఇది నిజంగా క్రాషా, లేక ఒకే లైసెన్సుతో రెండో కొట్టు నడపాలనే ఎత్తా అని అతను తేల్చుకోవాలి. ఉత్తరం ఆ ఒక్క అనుమానాన్ని తీర్చాలి. ఆ కొట్టు కోసం ఇలా రాశాం:

“మా లైసెన్సు సీరియల్ నంబరు, కొన్న బిల్లు నంబరు, తేదీ కింద ఇచ్చాం. మా సర్వరు మదర్‌బోర్డు ఈ నెల 3న కాలిపోయింది. హార్డ్ డిస్కు పాతదే, బోర్డు మాత్రం కొత్తది. పాత యంత్రం ఆన్ కాదు గనక దాన్లో లైసెన్సు వదులుకోలేకపోయాం. పాత బోర్డు మీది స్టిక్కరు ఫోటో, రిపేరు బిల్లు జతచేశాం. పాత యాక్టివేషన్ రద్దు చేసి, కింద ఉన్న కొత్త రిక్వెస్టు కోడుకు అదే లైసెన్సు మళ్లీ ఇవ్వండి. అదే వెర్షను, అదే ఇద్దరు యూజర్లు. ఆలస్యమైతే తాత్కాలిక కీ ఇవ్వగలరా? 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 వెయ్యాలి.”

ఇందులో నేను అన్నిటికంటే విలువిచ్చేది స్టిక్కరు ఫోటోకి. చచ్చిన బోర్డును ఏ కమాండూ చదవలేదు. బోర్డు మీద అతికించిన బార్‌కోడు స్టిక్కరులో మాత్రం సాధారణంగా సీరియల్ నంబరు ఉంటుంది, కొన్నిటిమీద నెట్‌వర్క్ చిరునామా కూడా. రిపేరు కుర్రాడు పాత సామాను తీసుకుపోకముందే ఫోటో తియ్యాలి. కొత్త యంత్రం గుర్తులు అడిగితే ఈ రెండు కమాండ్లు చాలు:

```
getmac
powershell "(Get-CimInstance Win32_BaseBoard).SerialNumber"
```

ఉత్తరం బాగున్నా ఆగిపోయే చోటు ఇంకొకటుంది, రిజిస్టరు చేసిన ఈమెయిలు. చాలా కొట్లలో అది అమ్మిన డీలరుదో, ఎప్పుడో మానేసిన ఆపరేటరుదో అయి ఉంటుంది. కంపెనీ కీ పంపేది ఆ చిరునామాకే. ఈ కొట్టులోనూ అంతే. ఆసామి పేరున్న కొన్న బిల్లు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు జతచేసి, ఈమెయిలు మార్చమని పై ఉత్తరం చివర్లోనే అడిగాం. లేకపోతే సపోర్టువాళ్లు అదే ప్రశ్న తిరిగి అడుగుతారు, ఇంకో రోజు పోతుంది. పాస్‌వర్డు, ఓటీపీ మాత్రం ఎంత తొందరైనా రాయకూడదు. లైసెన్సు మళ్లీ ఇవ్వడానికి కొట్టు లెక్కల కాపీ కూడా అక్కర్లేదు.

కీ వచ్చేదాకా కొట్టు మూసుకోనక్కర్లేదు. జీఎస్టీ నియమాల ప్రకారం బిల్లులకు ఒకటికి మించి సిరీస్‌లు ఉండొచ్చు. ప్రతి నంబరూ ఆ ఆర్థిక సంవత్సరంలో ఒక్కసారే రావాలి, వరస తప్పకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. అందుకని HB-001 నుంచి చేతిబిల్లుల పుస్తకం మొదలుపెట్టించాను. పురుగుమందుల బిల్లుమీద బ్యాచి నంబరు కూడా చేత్తోనే రాయించాం. లైసెన్సు తిరిగొచ్చాక ఈ బిల్లులను కంప్యూటరు సిరీస్‌లో కలపకుండా HB పేరుతోనే, రాసిన తేదీలతోనే ఎక్కించాలి. ఆ తర్వాత స్టాకు సరిచూసుకోవాలి.